సదిశల లబ్ధాలు: కోణం, వైశాల్యం, విక్షేపం

రెండు సదిశలను గుణించే పద్ధతులు రెండు. బిందులబ్ధం ఒక సంఖ్యను ఇస్తుంది, వజ్రలబ్ధం మరో సదిశను ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల విద్యార్థులు వీటిని చాలాకాలంగా ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో, ‘సదిశల గుణనం’ అనే అధ్యాయంలో నేర్చుకుంటూ వచ్చారు. ఎంసెట్‌లోనూ, దాని స్థానంలోకి వచ్చిన ఈఏపీసెట్‌లోనూ, జేఈఈ మెయిన్‌లోనూ ఈ అధ్యాయం నుంచి వచ్చే ప్రశ్నల్లో పెద్ద భాగం కోణం, వైశాల్యం, విక్షేపం చుట్టూ తిరుగుతుంది. సూత్రాలు నాలుగైదుకు మించవు. అయినా సూత్రం సరిగ్గా గుర్తున్న విద్యార్థి జవాబు తప్పడం ఇక్కడ తరచూ కనిపిస్తుంది. ఆ తప్పు చాలావరకు గుణకారంలో ఉండదు. ఏ రెండు సదిశలను గుణించాలో ఎంచుకునే చోట, గుణకారం మొదలుకాకముందే, అది జరిగిపోతుంది.

పుట్టుక

వీటి చరిత్రను సాధారణంగా విలియం రోవన్ హామిల్టన్‌తో మొదలుపెడతారు. 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో ఆయనకు తట్టిన క్వాటర్నియన్ల గుణకారంలో, నేటి బిందులబ్ధం రుణ గుర్తుతోనూ, వజ్రలబ్ధం యథాతథంగానూ కలిసి ఉంటాయి. హెర్మన్ గ్రాస్‌మన్ గ్రంథం 1844లో వెలువడింది. బహిరంగంగా ప్రకటించిన తేదీలనే లెక్కిస్తే హామిల్టన్ ముందుంటాడు. అయితే గ్రాస్‌మన్ 1840లో సముద్రపు ఆటుపోట్లపై రాసిన పరీక్షా వ్యాసంలోనే ఈ ఆలోచనలు చాలావరకు ఉన్నాయి. అది చాలా దశాబ్దాలపాటు అచ్చు కాలేదు. అందుచేత ఇద్దరూ ఎవరికి వారుగా ఈ దారి కనుక్కున్నారని అనుకోవడమే సబబుగా తోస్తుంది.

నేటి పాఠ్యపుస్తకాల్లోని రూపం మాత్రం వీరిద్దరి చేతి నుంచి నేరుగా వచ్చినది కాదు. యేల్ విశ్వవిద్యాలయంలో జోసయా విలార్డ్ గిబ్స్ 1881, 1884లలో తన విద్యార్థుల కోసం రెండు భాగాలుగా అచ్చువేయించిన చిన్న పుస్తకం రెండు లబ్ధాలనూ విడదీసి, చుక్కను, అడ్డుగుర్తును వాడింది. ఆయన పాఠాల ఆధారంగా ఎడ్విన్ బిడ్‌వెల్ విల్సన్ 1901లో తెచ్చిన పుస్తకం ఆ గుర్తులను ప్రపంచమంతటికీ చేర్చింది. ఇంగ్లండ్‌లో ఆలివర్ హెవిసైడ్ ఇదే విభజనకు విడిగా చేరుకున్నాడు.

ఒకే త్రిభుజం, మూడు ప్రశ్నలు

A(1, 2, 3), B(2, 4, 5), C(3, −1, −3) అనే మూడు బిందువులు ఇచ్చి కోణం A, త్రిభుజ వైశాల్యం, AB మీద AC విక్షేపం అడిగారనుకుందాం. ప్రవేశ పరీక్షల ప్రశ్నలకు ఇది మంచి నమూనా.

ఇచ్చినవి బిందువులు, అంటే స్థాన సదిశలు. వాటినే గుణించడం మొదటి తప్పు. B, C స్థాన సదిశల బిందులబ్ధం 6 − 4 − 15 = −13. ఇది మూలబిందువు దగ్గర B, C చేసే కోణానికి సంబంధించిన సంఖ్య. అడిగిన త్రిభుజంలో మూలబిందువు శీర్షమే కాదు. కోణం A కావాలంటే రెండు సదిశలూ A నుంచే బయలుదేరాలి:

AB = (1, 2, 2), పొడవు 3
AC = (2, −3, −6), పొడవు 7

బిందులబ్ధం 2 − 6 − 12 = −16. కాబట్టి cos A = −16/21. కోణం దాదాపు 139.6 డిగ్రీలు, అంటే గురుకోణం.

వజ్రలబ్ధం నిర్ధారకంతో (−6, 10, −7) అని వస్తుంది. దాని పరిమాణం √185. త్రిభుజ వైశాల్యం అందులో సగం, √185/2, అంటే సుమారు 6.8 చదరపు యూనిట్లు.

ఈ దశలో కొందరు విద్యార్థులు పని కలిసొస్తుందని వజ్రలబ్ధంతోనే కోణం కూడా తీయబోతారు. sin A = √185/21 అన్నది నిజమే. కానీ దాని నుంచి 40.4 డిగ్రీలు తేలుతుంది, 139.6 కాదు. రెండు కోణాలకూ సైను ఒకటే కావడంతో గురుకోణమా, లఘుకోణమా అన్న సమాచారం వజ్రలబ్ధం పరిమాణంలో మిగలదు. ఆ సమాచారం బిందులబ్ధం గుర్తులో ఉంటుంది. కోణానికి బిందులబ్ధం, వైశాల్యానికి వజ్రలబ్ధం అనే అలవాటుకు కారణం ఇదే. బహుళైచ్ఛిక ప్రశ్నలో sin⁻¹(√185/21) కూడా ఒక ఐచ్ఛికంగా ఉంటే, సైనుతో వెళ్లిన విద్యార్థికి అది సరైన జవాబులాగే కనిపిస్తుంది.

తల, తోక

కోణం B అడిగితే BA, BC తీసుకోవాలి. BA = (−1, −2, −2), BC = (1, −5, −8). లబ్ధం 25, BC పొడవు √90, కోణం సుమారు 28.5 డిగ్రీలు. చేతిలో ఉన్న AB నే BC తో గుణిస్తే −25 వస్తుంది, కోణం 151.5 డిగ్రీలవుతుంది. AB సదిశ B దగ్గర ముగుస్తుంది, BC అక్కడ మొదలవుతుంది. అలా ఒకదాని తలకు మరొకదాని తోక తగిలించినప్పుడు వచ్చేది త్రిభుజపు బాహ్యకోణం. ఈ పొరపాటును పట్టుకోవడం తేలిక: 139.6, 151.5 కలిపితేనే 180 దాటిపోతుంది.

a + b + c = 0, |a| = 3, |b| = 5, |c| = 7 అయితే a, b ల మధ్య కోణమెంత అనే ప్రశ్న ప్రవేశ పరీక్షల సాధన పుస్తకాల్లో పాతకాపు. c ను అవతలి వైపుకు పంపి వర్గం చేస్తే 9 + 25 + 2(a·b) = 49 అవుతుంది. a·b = 15/2, cos θ = 1/2, కోణం 60 డిగ్రీలు. త్రిభుజంగా గీసి కొసైను సూత్రం వాడిన విద్యార్థికి మాత్రం 7 ఎదురుగా ఉన్న కోణం 120 డిగ్రీలని వస్తుంది. అది తప్పు లెక్కేమీ కాదు, త్రిభుజం అంతరకోణం నిజంగానే 120. కానీ మొత్తం సున్న అయ్యే సదిశలు తల-తోకగా కలిసి త్రిభుజాన్ని మూస్తాయి. ప్రశ్న అడిగినది సదిశల మధ్య కోణం, అంటే రెండూ ఒకే బిందువు నుంచి బయలుదేరినప్పటి కోణం. 60, 120 రెండూ ఐచ్ఛికాల్లో ఉంటే బొమ్మ వేసిన విద్యార్థి ఈ తేడా గమనించాల్సిందే.

విక్షేపం

పుస్తకానికీ పుస్తకానికీ పద్ధతి మారేది ఇక్కడే. తెలుగు అకాడమీ పద్ధతిలో చదివినవారికి లంబ విక్షేపం ఒక సదిశ: b మీద a లంబ విక్షేపం ((a·b)/|b|²) b. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివినవారు విక్షేపం అనగానే (a·b)/|b| అనే సంఖ్యను రాస్తారు. దాని పరిమాణం అడిగితే ఆ సంఖ్యకే మాపం తీసుకోవాలి. ప్రశ్నలో ‘సదిశ’ అనో ‘పరిమాణం’ అనో స్పష్టంగా ఉంటే చిక్కు లేదు. ఏమీ చెప్పకుండా విక్షేపం అడిగి, ఐచ్ఛికాలన్నీ సంఖ్యలే అయినప్పుడు, గుర్తును ఉంచుకున్న విలువను మొదట వెతకడం మేలు. ఆ గుర్తుకు అర్థం ఉంది.

పై త్రిభుజంలో AB మీద AC విక్షేపం −16/3. రుణ గుర్తు వచ్చిందంటే C నుంచి AB రేఖ మీదకు దించిన లంబం, A కి B ఉన్న వైపు కాక అవతలి వైపు పడుతుందని. లంబపాదం D కావాలంటే A కి (−16/9)(1, 2, 2) కలపాలి: D(−7/9, −14/9, −5/9). DC = (34/9, 5/9, −22/9). దీన్ని AB తో గుణిస్తే (34 + 10 − 44)/9, అంటే సున్న. కాబట్టి లంబం సరిగానే పడింది. ఎవరి మీద ఎవరి విక్షేపం అన్నది మరో మెలిక. AC మీద AB విక్షేపం −16/7. పైన ఉన్న లబ్ధం మారదు, కింద పొడవు మారుతుంది. ‘మీద’ అన్న మాట ఏ సదిశకు తగిలిందో దాని పొడవే హారంలోకి రావాలి.

AB రేఖ నుంచి C దూరం వైశాల్యం ద్వారానే వస్తుంది: |AB × AC| ను |AB| తో భాగిస్తే √185/3. పైథాగరస్ దారిలో వెళ్లినా 49 − 256/9 = 185/9, వర్గమూలం అదే.

సరిచూసే రెండు దారులు

పైథాగరస్ దారి కలవడం యాదృచ్ఛికం కాదు. |a × b|² + (a·b)² = |a|²|b|² అనే లాగ్రాంజ్ సర్వసమీకరణం రెండు లబ్ధాలనూ కట్టి ఉంచుతుంది. మన ఉదాహరణలో 185 + 256 = 441 = 9 × 49. పొడవులూ బిందులబ్ధమూ తెలిసి వైశాల్యం మాత్రమే కావలసినప్పుడు, అసలు నిర్ధారకం వేయకుండానే దీనితో పని పూర్తవుతుంది. అంశాలు ఇవ్వకుండా |a|, |b|, a·b మాత్రమే ఇచ్చే ప్రశ్నలకు వేరే దారి వెతకనక్కర్లేదు.

నిర్ధారకం విస్తరించేటప్పుడు మధ్య పదం ముందు రుణ గుర్తు మరవడం అందరికీ తెలిసిన తప్పు. దాని ఫలితం మాత్రం ప్రశ్నను బట్టి మారుతుంది. (−6, 10, −7) బదులు (−6, −10, −7) వచ్చినా పరిమాణం √185 గానే ఉంటుంది. వైశాల్యం అడిగితే ఆ విద్యార్థికి మార్కు దక్కుతుంది. రెండు సదిశలకూ లంబంగా ఉండే యూనిట్ సదిశ అడిగితే జవాబు పూర్తిగా తప్పుతుంది. లాగ్రాంజ్ సర్వసమీకరణం ఈ తప్పును పట్టలేదు, ఎందుకంటే అది పరిమాణాన్నే చూస్తుంది. వచ్చిన సదిశను మళ్లీ AB తో బిందులబ్ధం చేసి చూడాలి. సరైనదానికి −6 + 20 − 14 = 0, తప్పుడుదానికి −40. ఈ రెండో పరీక్ష దిశను చూస్తుంది, పరిమాణాన్ని చూడదు. పొరపాటున రెట్టింపు సదిశ వచ్చినా సున్నే ఇస్తుంది. అందుకే ఒకటి మరొకదానికి బదులు కాదు.

రెట్టింపు ప్రస్తావన సమాంతర చతుర్భుజం లెక్కల్లో అసలు విషయమే అవుతుంది. AB, AC భుజాలైతే వైశాల్యం √185. కర్ణాలు వాటి మొత్తం (3, −1, −4), భేదం (−1, 5, 8). ఈ రెండింటి వజ్రలబ్ధం (12, −20, 14), ముందరి సదిశకు సరిగ్గా −2 రెట్లు. కాబట్టి కర్ణాలు ఇస్తే వజ్రలబ్ధం పరిమాణంలో సగం తీసుకోవాలి, భుజాలు ఇస్తే మొత్తం తీసుకోవాలి. ప్రశ్నలో ‘కర్ణాలు’ అన్న మాటను దాటేస్తే జవాబు రెండింతలవుతుంది. జేఈఈ మెయిన్ బహుళైచ్ఛిక ప్రశ్నల్లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత కాబట్టి, ఆ ఒక్క మాటకు అయ్యే మూల్యం 5 మార్కులు. రుణాత్మక మార్కులు లేని ఈఏపీసెట్‌లో ఒక మార్కుతో పోతుంది.

గుణించే వరుస తారుమారైతే మాత్రం పై రెండు పరీక్షలూ మౌనంగానే ఉంటాయి. AC × AB పరిమాణమూ అదే, లంబతా అదే, దిశ ఒక్కటే ఎదురు తిరుగుతుంది. లంబ యూనిట్ సదిశ కోసం అడిగే ప్రశ్నలకు ±(−6, 10, −7)/√185 రెండూ చెల్లుతాయి. ఒక్కదాన్నే కోరేటప్పుడు ప్రశ్నలో అదనంగా ఓ షరతు ఉంటుంది, ఉదాహరణకు y అక్షంతో లఘుకోణం చేయాలని. అప్పుడు రెండో అంశం ధనాత్మకంగా ఉన్న (−6, 10, −7)/√185 నే ఎంచుకోవాలి.