అరవై రెండు లింకులు

మే నెల, ఉదయం పదకొండు. కర్నూలులో ఒక రికార్డు గది. గోడ మీద నా తలకన్నా ఎత్తున సన్నటి మట్టిగీత కనిపిస్తోంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు నీళ్లు నిలబడిన ఎత్తు అది. గీతకు పైనున్న అరల్లో రిజిస్టర్లు మామూలుగానే తెరుచుకుంటాయి. కిందివి ఇటుకల్లా బిగుసుకుపోయాయి. వేలితో తాకితే సన్నటి ఒండ్రు రాలుతుంది.

"యా సంవత్సరంది కావల్ల పాపా?" అంటున్నాడు నిచ్చెన పట్టుకున్న పెద్దాయన.

"1953 నుంచి 55 దాకా. ఇంటిపన్ను డిమాండు రిజిస్టర్లన్నా."

"యాభై మూడు కింద అరలో ఉన్నింది. నీళ్లు తాగింది. యాభై నాలుగు పైన ఉండాల చూడు."

నా పరిశోధనలో మూడో అధ్యాయం మొత్తం ఒకే ఒక ఇంటి గురించి. కొండారెడ్డి బురుజుకు కాస్త ఎడంగా, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సినంత ఇరుకు సందులో ఉందది. కింద రాతి మిద్దె, పైన రెండు గదులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ మూడేళ్లలో ఊరికి వచ్చిపడిన ఉద్యోగులు డేరాల్లో ఉన్నారనే కథ అందరికీ తెలుసు. డేరాలో ఉండలేనివాళ్లు ఎక్కడున్నారు, వాళ్ల కోసం ఊళ్లో ఇళ్లు ఎలా మారాయి అన్నది నా ప్రశ్న. ఈ ఇంటివాళ్లు చెప్పేది మాత్రం ఒకటే మాట: "రాజధాని వచ్చినప్పుడు కట్టినాం." ఇల్లంతానా, కొంతేనా? ఆ ఏడాదేనా, తర్వాతా?

మొదట పటాల దగ్గరికి పోయాను. అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు తెచ్చుకుని కూర్చున్నాను. కర్నూలు ఉండేది 57 ఐ/1 షీటులో. దాని స్కేలు యాభై వేలకు ఒకటి, అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద యాభై మీటర్లు. నా ఇంటి ముఖభాగం పన్నెండున్నర మీటర్లు. కాగితం మీద పావు మిల్లీమీటరు, పెన్సిలు గీతంత కూడా కాదు. నది ఎటు పారింది, దారి ఎటు పోయింది అన్నవి ఆ పటం చెబుతుంది గానీ ఇంటి గురించి ఏమీ చెప్పదు.

కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి కూడా పోయివచ్చాను. అక్కడ మెకంజీ సేకరించిన కైఫీయతులు చదివాను. ఊరి పుట్టుక, చెరువు, గుడి, మాన్యాల వరకు అవి అమూల్యమే. సందులో ఇల్లు వాటి లెక్కలోకి రాదు. ఆ గ్రంథాలయం నిలబడింది బ్రౌన్ దొర బంగళా ఉన్న స్థలంలోనే. అక్కడ బంగళా పోయి కాగితాలు మిగిలాయి. నాకు ఇల్లు మిగిలింది, కాగితాలే దొరకాలి.

ఇంటికి సరిపడే పటం పట్టణ సర్వే షీటు. రాజధాని రాకకు ఇరవై ఏళ్ల ముందు కొలిచిన షీటు నకలు ఒకటి చివరికి దొరికింది. బట్ట అంటించిన కాగితం, మడతల దగ్గర చిరిగింది. సందు వంపును బట్టి, మూలన ఉన్న బావి గుర్తును బట్టి నా ఇంటి స్థలాన్ని పట్టుకున్నాను. ఇంటి నంబర్లను నమ్మి వెతికితే దొరికేది కాదు, అవి ఎన్నిసార్లు మారాయో. స్థలం ముఖం గీత పక్కన 62 అని రాసి ఉంది. నేను టేపు పట్టి కొలిస్తే 41 అడుగులు.

ఇరవై ఒక్క అడుగులు ఏమైనట్టు? పక్కవాళ్లకు అమ్మారనుకున్నాను. అన్నదమ్ముల పంపకమనీ ఊహించాను. ఒక పేజీ రాసేశాను కూడా, చాలా నమ్మకంగా. ఆ పేజీని ఒక రిటైరైన సర్వేయరు చదివి నవ్వాడు.

"అమ్మా, ఇవి అడుగులు కావు, లింకులు."

గంటరు గొలుసు పొడవు 66 అడుగులు, దానికి వంద లింకులు. ఒక్క లింకు 0.66 అడుగు. 62ను 0.66తో హెచ్చిస్తే 40.92 అడుగులు. నా టేపు అబద్ధమాడలేదు, పటమూ ఆడలేదు. ఆ స్థలంలో అంగుళం కూడా ఎవరూ అమ్మలేదు. ఆ పేజీ చించేశాను. పాత షీటు మీద అంకె కనిపిస్తే, అదే షీటులో ఇప్పటికీ మారని దూరం ఒకటి కొలిచి ముందు కొలమానం తేల్చుకోవాలని అప్పుడు తెలిసింది. గుడి ప్రహరీ, దర్గా అరుగు లాంటివి దానికి పనికొస్తాయి.

ఆ షీటు ఇంకో సంగతి చెప్పింది. స్థలం మధ్యలో కట్టడం ఉన్నట్టు గీసి ఉంది. అంటే కింది మిద్దె రాజధానికన్నా కనీసం ఇరవై ఏళ్లు పెద్దది. ఎంత పెద్దదో పటం చెప్పలేదు, "ఇప్పటికే ఉంది" అని మాత్రమే చెప్పగలదు. గోడలు చూస్తే మాత్రం అనుమానం ఉండదు. కింద రాయీ మట్టీ కలిపిన రెండడుగుల మందం గోడ, పైన తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఈ రెండూ ఒకే మేస్త్రీ ఒకే ఏడాది కట్టినవి కావు.

ఇక అనుమతి ఫైలు. పసుపు అట్ట, మధ్యలో దారం, లోపల ఒక అర్జీ, ఒక ప్లాను. అర్జీ తేదీ 1954 ఫిబ్రవరి. ప్లాను మీద రంగులు ఇంకా వెలిసిపోలేదు. ఉన్న గోడలు నల్లగా, కొత్తగా కట్టబోయేవి ఎర్రగా, కూల్చబోయేవి పసుపుగా ఉన్నాయి. ముందు గది పైకప్పు అంతా పసుపే! ఎందుకని చాలాసేపు చూశాను. ఇంటికి వెళ్లి తల ఎత్తి చూస్తే అర్థమైంది. వెనక గదుల్లో లావుపాటి దూలాలు, వాటి మీద దంతెలు, పైన చవుడు మట్టి కప్పు, వెలుతురుకు గవాక్షి. ముందు గదిలో మాత్రం సన్నటి కోసు దూలాలు, వాటి మధ్య నిలువుగా పేర్చిన ఇటుక, అదే మద్రాసు టెర్రసు. మట్టి మిద్దె మీద గదులు నిలబెట్టలేరు. అందుకని ముందు కప్పు విప్పి టెర్రసు వేసి, దాని మీద గదులు లేపారు.

ఇక్కడ ఆగాలి. అనుమతి ఉందంటే కట్టినట్టు కాదు. కట్టాలనుకున్నట్టు, అంతే. డబ్బు అందక ఆగిపోయిన ప్లాన్లు, ముందే కట్టేసి తర్వాత అర్జీ పెట్టినవి ఫైళ్ల నిండా ఉంటాయి. కట్టారో లేదో చెప్పేది పన్ను. అందుకే ఇప్పుడు ఈ గదిలో ఉన్నాను.

పెద్దాయన రెండు రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పెడతాడు. 1954 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక అర్ధ సంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి దాకా రెండోది. మొదటి దాంట్లో ఈ ఇంటి వార్షిక అద్దె విలువ 180 రూపాయలు. వేలు కిందికి జారుస్తూ రెండో దాంట్లో అదే వరుస వెతుకుతాను. 180 మీద అడ్డగీత. పైన ఎర్రసిరాతో 420.

గుండె కొంచెం వేగంగానే కొట్టుకుంటుంది. కానీ ఆ ఏడాది పట్టణమంతా పన్ను సవరించి ఉంటే ఈ 420కి అర్థం లేదు. కుడిపక్క ఇల్లు చూస్తాను, మారలేదు. ఎడమపక్కదీ అంతే. సందు చివరిదాకా పది ఇళ్లు చూస్తే కొట్టేసిన అంకెలు రెండే. సవరణ ఊరంతటికీ కాదు, ఈ ఇంటిలాంటి ఒకటి రెండింటికే. పై గదులు 1954 ఫిబ్రవరికీ అక్టోబరుకూ మధ్య లేచాయి. పన్ను గుమాస్తా ఆలస్యంగా వచ్చి ఉంటే ఇంకా ముందే పూర్తయి ఉండొచ్చు గానీ తర్వాత మాత్రం కాదు.

మరి ఇంటివాళ్ల దగ్గరున్న పాత ఫొటో? అది అధ్యాయానికి ముఖచిత్రమవుతుందనుకున్నాను. ముగ్గురు మగవాళ్లు, ఇంటి ముందు. వెనక 1-10-1953 అని రాసి ఉంది. నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించిన రోజు! కానీ ఫొటోలో పై గదులున్నాయి. ఆ రోజుకు అవి ఇంకా అర్జీలో కూడా లేవు. తేదీని మళ్లీ చూశాను, బాల్‌పెన్ను రాత, ఎవరో చాలా ఏళ్ల తర్వాత గుర్తుకోసం రాసుకున్నది. ఫొటో లోపలి సాక్ష్యమే నమ్మదగ్గది. పైగోడకు గిలాబా లేదు, పరంజా కట్టెలు తీసిన బొక్కలు ఇంకా పూడ్చలేదు. కట్టడం అయిన కొత్తలో తీసింది.

ఒక చిక్కు మిగిలింది. ప్లానులో మెట్లు కుడివైపు, ఫొటోలో ఎడమవైపు. ప్లాను ప్రకారం కట్టలేదేమో అనుకున్నాను, రెండు రోజులు. భూతద్దం పెట్టి మనుషుల్ని చూశాక గానీ తేలలేదు. ముగ్గురి చొక్కా జేబులూ కుడివైపున్నాయి. ఒకరికైతే దర్జీ పొరపాటనుకోవచ్చు, ముగ్గురికీ కాదు. నెగటివును తిరగేసి అచ్చు వేశారు. కంప్యూటర్లో తిప్పితే మెట్లు కుడికి, జేబులు ఎడమకు వచ్చాయి.

సాయంత్రం ఆ ఇంటి అవ్వ దగ్గరికి పోయి అరుగు మీద కూర్చుంటాను. నాపరాయి ఇంకా కాలుతోంది.

"అవ్వా, పై గదులు యాభై నాలుగులో కట్టినారంట. యాభై మూడు కాదు."

"నేనెప్పుడు జెప్పినా యాభై మూడని? ప్రకాశం పంతులుండంగ కట్నామని జెప్పినా."

ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది 1954 నవంబరులో. అవ్వ లెక్కా, ఎర్రసిరా లెక్కా ఒకటే. ఫొటో వెనక తేదీ తప్పు రాసుకున్నది ఆమె మనవడు.

"పై గదుల్లో ఎవురుండిరి?" అని అడుగుతాను.

"ఎవురో సెక్రటేరియట్టు గుమాస్తా. గోదారి జిల్లా ఆయప్ప. నీళ్లకు ఏడ్సేవాడు పాపం."

ఆ గుమాస్తా పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. పన్ను కట్టేది ఇంటి యజమాని గనుక అద్దెకున్నవాడు లెక్కకెక్కడు. కర్నూలు పాతబస్తీలో 1953-56 నాటి అద్దె రశీదు గానీ, గిలాబా లేని గోడ ముందు దిగిన ఫొటో గానీ మీ ఇంటి పెట్టెలో ఉంటే పారేయకండి. ముందువైపే కాదు, వెనకవైపు కూడా ఫొటో తీసి పెట్టుకోండి. తేదీ రాయదలిస్తే పెన్సిలుతో రాయండి, ఎవరు ఎప్పుడు రాశారో అదీ పక్కన రాయండి.