భాస్కరుడి కోతులూ, ఒక గ్రాఫూ

వర్గ సమీకరణం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది -b తో మొదలయ్యే ఆ పొడుగాటి ఫార్ములా. ఇంటర్‌లో బట్టీ పట్టాం, ఎంసెట్ రాశాం, మర్చిపోయాం. గ్రాఫు అయితే ఇంకా అన్యాయం. ఐదారు చుక్కలు పెట్టి, వాటిని కలిపి, గీత అక్షాన్ని ఎక్కడ కోసిందో చూసి మూలాలు రాసేసేవాళ్ళం. ఆ గీతలో ఇంకా ఏముందో చూడటానికి ఒక పాత లెక్క బాగా పనికొస్తుంది. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలోది.

లెక్క ఇది. ఒక కోతుల గుంపు. అందులో ఎనిమిదో వంతుని వర్గం చేస్తే ఎన్ని వస్తాయో అన్ని కోతులు అడవిలో గెంతులేస్తున్నాయి. మిగిలిన 12 కొండ మీద కిచకిచమంటున్నాయి. మొత్తం ఎన్ని?

గుంపు x అనుకుంటే గెంతేవి x²/64. కాబట్టి మిగిలినవి x - x²/64. ఇది 12 కావాలి. ఇక్కడ అన్నీ ఒక వైపుకి తెచ్చి సున్నాకి సమానం చేసెయ్యకండి, అలాగే ఉంచి గ్రాఫు గీద్దాం. అడ్డంగా మొత్తం కోతులు, నిలువుగా మిగిలిన కోతులు. ఎనిమిదేసి చొప్పున వెళితే అంకెలు శుభ్రంగా వస్తాయి:

```
x       0   8  16  24  32  40  48  56  64
మిగిలినవి  0   7  12  15  16  15  12   7   0
```

రెండో వరసని ఎడమ నుంచి చదవండి, తర్వాత కుడి నుంచి చదవండి. తేడా లేదు. 32 దగ్గర అద్దం పెట్టినట్టు ఉంది. అదే సౌష్ఠవ రేఖ. గీత పైకెక్కి వెనక్కి తిరిగే చోటు (32, 16). ఇక 12 ఎత్తులో ఒక అడ్డగీత గీస్తే అది మన గీతని 16 దగ్గరా 48 దగ్గరా కోస్తుంది. గుంపులో 16 ఉంటే 4 గెంతుతున్నాయి, 12 మిగిలాయి. 48 ఉంటే 36 గెంతుతున్నాయి, మళ్ళీ 12 మిగిలాయి. రెండూ సరైన జవాబులే, భాస్కరుడు రెండూ ఇచ్చాడు.

ఆయన దగ్గర గ్రాఫు లేదు. ఆయన చేసింది వర్గాన్ని పూర్తి చెయ్యడం. x² - 64x = -768 అని రాసుకుని, రెండు వైపులా 32 వర్గం 1024 కలిపితే (x - 32)² = 256. వర్గమూలం 16. దాన్ని ధనంగా తీసుకుంటే 48, ఋణంగా తీసుకుంటే 16. ఈ పద్ధతికి ఆయన వాడిన పేరు మధ్యమాహరణం, అంటే మధ్య పదాన్ని తీసెయ్యడం. నాకు ఈ పేరు చాలా నచ్చింది. ఎందుకంటే x బదులు 32 నుంచి ఎంత దూరం అని కొలవడం మొదలుపెడితే -64x అనే మధ్య పదం నిజంగానే మాయమౌతుంది. గ్రాఫు భాషలో చెప్పాలంటే నిలువు అక్షాన్ని తీసుకెళ్ళి సౌష్ఠవ రేఖ మీద పెట్టేశాం. మధ్య పదం అంటే మనం తప్పు చోట నిలబడి కొలుస్తున్నందుకు కట్టే జరిమానా, అంతే. ఆ పొడుగాటి ఫార్ములాలో కూడా ఇవే రెండు ముక్కలు ఉన్నాయి: ముందు భాగం సౌష్ఠవ రేఖ ఎక్కడుందో చెబుతుంది, ± తర్వాతది అక్కణ్ణుంచి ఇటూ అటూ ఎంత దూరం నడవాలో చెబుతుంది.

ఇప్పుడు ఆ అడ్డగీతని మెల్లగా పైకి జరపండి. కొండ మీద 15 ఉంటే జవాబులు 24, 40. రెండూ దగ్గరకొచ్చాయి. 16 ఉంటే రెండూ కలిసిపోయి 32 ఒక్కటే. 20 అంటే గీత అసలు తగలదు, అలాంటి గుంపు ఉండదు.

దాదాపు అయిదు వందల ఏళ్ళ తర్వాత, 1630లలో, ఫ్రాన్స్‌లో తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం చేస్తూ ఫెర్మా సరిగ్గా ఈ కలిసిపోవడాన్నే పట్టుకున్నాడు. ఒక పరిమాణం ఎక్కడ గరిష్ఠం అవుతుందో కనుక్కోవడం ఆయన సమస్య. తన పద్ధతికి తర్వాత రాసిన వివరణలో ఇలా ఆలోచించాడు: గరిష్ఠం కన్నా కాస్త తక్కువ విలువ తీసుకుంటే దానికి రెండు మూలాలు ఉంటాయి, గరిష్ఠం దగ్గర అవి ఒకటైపోతాయి. bx - x² కి రెండు మూలాలు x, y అనుకుంటే bx - x² = by - y². సర్ది, x - y తో భాగిస్తే b = x + y. ఎంత ఎత్తులో కోసినా రెండు మూలాల మొత్తం మారదన్నమాట. రెండూ ఒకటైనప్పుడు b = 2x. కలనగణితం అన్న మాట పుట్టక ముందే తిరుగు బిందువు దొరికేసింది! (ఆయన గణిత రచనల సంపుటం 1679లో, పోయిన 14 ఏళ్ళకి గానీ అచ్చవలేదు.)

గ్రాఫు చదివేటప్పుడు ఈ ఫెర్మా మాట సిద్ధాంతం కన్నా పనిముట్టుగా ఎక్కువ ఉపయోగం. తిరుగు బిందువుని కంటితో నేరుగా చదవబోతే దెబ్బతింటాం. మన గీతలో 28 దగ్గరా 36 దగ్గరా ఎత్తు 15.75. అంటే శిఖరం దగ్గర ఎనిమిది కోతుల వెడల్పులో గీత దిగింది పావు వంతే. పెన్సిలు గీత మందంలో అది కొట్టుకుపోతుంది, స్క్రీను మీద అయితే వరసగా ఒకే ఎత్తులో పిక్సెళ్ళు కనిపిస్తాయి. శిఖరం 30 దగ్గరా 34 దగ్గరా అని ఇద్దరు వాదించుకోవచ్చు. అదే 12 ఎత్తులో గీత ఏటవాలుగా ఉంది, పావు వంతు పొరపాటు పడినా అడ్డంగా తేడా అర కోతి దాకానే వస్తుంది. కాబట్టి కిందికి దిగి, ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువులు చదివి, సగటు తియ్యాలి. 16, 48 సగటు 32. రెండు మూడు ఎత్తుల్లో చేసి ఒకే సంఖ్య వస్తే చదవడం సరిగ్గా ఉన్నట్టు. సగటు పక్కకి జరుగుతూ పోతే చుక్క ఏదో తప్పు పడింది, లేదా అది అసలు వర్గ సమీకరణం గీతే కాదు.

గీత తాకినట్టు కనిపించినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. అడ్డగీత 16 బదులు 15.99 దగ్గర ఉంటే కంటికి తేడా తెలియదు, ఒకే మూలం అని రాసేస్తాం. నిజానికి శిఖరం నుంచి తేడా 0.01, దాన్ని 64తో గుణిస్తే 0.64, వర్గమూలం 0.8. మూలాలు 31.2, 32.8. అక్కడ కంటిని నమ్మకుండా లెక్క వేసుకోవాల్సిందే.

మరి ఇలా చుక్కలు పెట్టి చదవడం బళ్ళోకి ఎలా వచ్చింది? దెకార్త్ పుస్తకం 1637లోనే వచ్చినా, గళ్ళ కాగితం పిల్లల చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. దానికోసం గట్టిగా పోరినవాళ్ళలో ఒకడు జాన్ పెర్రీ, స్వయానా ఇంజనీరు. 1901లో గ్లాస్గోలో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో గణిత బోధన మార్చాలని ఆయన చేసిన ప్రసంగం పెద్ద దుమారమే లేపింది. గళ్ళ కాగితం మీద గీసి చదవడం ఆయన ప్రచారంలో ముఖ్య భాగం.

అన్నట్టు, భాస్కరుడిది ఇంకో కోతుల లెక్క ఉంది. గుంపులో అయిదో వంతు నుంచి మూడు తీసేసి వర్గం చేస్తే వచ్చినన్ని గుహలోకి పోయాయి, ఒక్కటి కొమ్మ మీద కనబడుతోంది. సర్దితే x² - 55x + 250 = 0. సౌష్ఠవ రేఖ 27.5 దగ్గర, అక్కణ్ణుంచి చెరో వైపు 22.5. మూలాలు 5, 50. గ్రాఫుకి రెండూ సమానమే. భాస్కరుడు మాత్రం 50 ఉంచుకుని 5 వదిలేశాడు. 5లో అయిదో వంతు ఒకటి, ఒకటిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తారు? -2 వస్తుంది, దాన్ని వర్గం చేస్తే 4 అయ్యి ఆ ఋణం గుర్తు కనబడకుండా పోతుంది. అలాంటి ఋణసంఖ్యని జనం ఒప్పుకోరని ఆయన రాశాడు. గీతలో మాత్రం ఆ తేడా ఎక్కడా కనిపించదు. అది కనబడాలంటే పక్కనే x/5 - 3 అనే సరళరేఖ కూడా గీసుకోవాలి, అది 15 దాకా సున్నా కిందే ఉంటుంది.