రసవాదుల కుంపటి నుండి కోట గోడల దాకా

క్రీస్తుశకం తొమ్మిదవ శతాబ్దంలో చైనాలోని తావో మతస్థులైన రసవాదులు మృత్యువును జయించే మందు కోసం వెదకుతూ ఉండేవారు. వారి గ్రంథాలలో ఒకదానిలో ఒక విచిత్రమైన హెచ్చరిక కనిపిస్తుంది. గంధకం, మణిశిల, సురేకారం తేనెతో కలిపి కొందరు వేడిచేశారట. పొగ, మంట ఒక్కసారిగా లేచి వారి చేతులు, ముఖాలు కాలాయి. వారున్న ఇల్లు కూడా తగులబడిపోయింది. ఇటువంటి పని చేయవద్దని ఆ గ్రంథకర్త హితవు చెప్పాడు. ఆయువు పెంచే మందుకు బదులు తుపాకి మందు దొరికిందన్నమాట!

ఇందులో తేనె పాత్ర ఏమిటని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. తేనె వేడికి మాడి బొగ్గు అవుతుంది. అంటే గంధకం, సురేకారం, బొగ్గు అనే మూడు దినుసులూ ఆ పాత్రలో కలిశాయి. కట్టె కాలడానికి గాలిలోని ఆమ్లజని కావాలి. సురేకారంలో, అనగా పొటాషియం నైట్రేటులో, ఆమ్లజని ముందే ఇమిడి ఉన్నది. వేడి తగిలితే అది విడివడి పక్కనే ఉన్న బొగ్గును, గంధకాన్ని మండిస్తుంది. కనుక ఈ మిశ్రమానికి బయటి గాలితో పని లేదు. మూసిన గొట్టంలో కూడా మండుతుంది. ఈ చర్యను స్థూలంగా ఇట్లా వ్రాస్తారు:

2KNO₃ + S + 3C → K₂S + N₂ + 3CO₂

పరమాణు భారాలతో లెక్క కడితే సురేకారం 202, గంధకం 32, బొగ్గు 36 భాగాలు వస్తాయి. నూటికి ఇవి సుమారు 75, 12, 13. ఏ సమీకరణమూ తెలియని ఫిరంగి పనివారు శతాబ్దాల అనుభవంతో 75, 10, 15 దగ్గరకు చేరుకోవడం గమనించదగిన విషయం. 1044లో చైనాలో వెలువడిన యుద్ధశాస్త్ర గ్రంథంలోని పాళ్ళలో సురేకారం ఇంతకంటె తక్కువ. అటువంటి మందు బాగా మండుతుంది గాని, గుండును బలంగా నెట్టలేదు.

మందు ఐరోపాకు చేరిన తరువాత మరొక చిక్కు ఎదురైంది. మెత్తని పొడిని బండిలో వేసుకొని పోతే కుదుపులకు బరువైన దినుసులు అడుగుకు దిగి, బొగ్గు పైకి తేలేది. పదిహేనవ శతాబ్దంలో పొడిని తడిపి, ముద్దచేసి, ఆరబెట్టి గింజలుగా విరిచే పద్ధతి వచ్చింది. గింజకూ గింజకూ నడుమ ఉండే సందులలో మంట వేగంగా పాకుతుంది. మందు బలం పెరిగింది. ఆ వేగాన్ని తట్టుకొనే గట్టి ఫిరంగులు కూడా అవసరమయ్యాయి. (ఫిరంగి అనే మాట మనకు పారసీకం ద్వారా వచ్చినది, ఐరోపావారైన ఫ్రాంకుల పేరే అది.)

1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపిల్‌ను ముట్టడించినపుడు ఓర్బన్ అనే శిల్పి పోసిన పెద్ద ఫిరంగి అయిదువందల కిలోగ్రాములకు మించిన రాతిగుండ్లను విసిరింది. అయితే రోజుకు ఏడెనిమిది మార్లకంటె ఎక్కువగా దానిని పేల్చలేకపోయారు. రాత్రివేళ నగరవాసులు కూలినచోట మట్టి, కలప, పీపాలు పేర్చి పూడ్చేవారు. నగరం చివరకు పడిపోయింది గాని, అందులో ఒక పాఠం ఉన్నది: రాయి గుండు దెబ్బకు పగులుతుంది, మట్టి దానిని మింగుతుంది.

1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదవ చార్లెస్ ఇటలీ మీదికి వచ్చినపుడు అతని కంచు ఫిరంగులను గుర్రాలు లాగాయి. గుండ్లు ఇనుపవి. రాతికంటె ఇనుము రెండున్నర రెట్లకు పైగా సాంద్రమైనది గనుక చిన్న గుండే పెద్ద దెబ్బ కొట్టేది. ఎత్తైన, పలుచని పాతకాలపు గోడలు దీనికి ఆగలేదు. ఎత్తు ఎక్కువైన కొద్దీ గురి సులువు. కూలిన రాళ్ళు కందకంలో పడి శత్రువుకే దారి వేసేవి.

1500లో ఫ్రెంచివారు, ఫ్లోరెన్సువారు కలిసి పీసా గోడను పడగొట్టారు. కాని పీసా ప్రజలు లోపలివైపున కందకం త్రవ్వి, వెనుక మట్టికట్ట పోసి ఉంచారు. గోడ దాటినవారికి ఆ కట్ట అడ్డు తగిలింది. వారు వెనుదిరగక తప్పలేదు.

ఆపై కోటల రూపమే మారింది. గోడలు పొట్టివై, వెడల్పై, లోపల మట్టితో నిండి కందకంలోకి దిగాయి. గుండ్రని బురుజుకు మరొక లోపం ఉన్నది. పక్క బురుజుల నుండి పేల్చిన గుండు తిన్నగా పోతుంది గనుక, గుండ్రని ముఖం ముందర కొంత నేల దానికి అందదు. అక్కడ చేరిన శత్రువు నిశ్చింతగా గోడ క్రింద సొరంగం త్రవ్వవచ్చు. బురుజును బాణపు మొనవలె కోణాకారంగా కట్టి, దాని ముఖాలను పక్క బురుజు ఫిరంగుల దృష్టిరేఖ వెంట సాగదీస్తే దాగే చోటు మిగలదు. ఈ కట్టడానికి శిల్పి నైపుణ్యంకన్న రేఖాగణితం ఎక్కువ కావలసి వచ్చింది.

డబ్బు అంతకన్న ఎక్కువ కావలసి వచ్చింది. సియెనా నగరం ఇటువంటి కోటలను తలపెట్టి ఖజానా ఖర్చుచేసుకొన్నది. 1554లో శత్రువు వచ్చేనాటికి కట్టడాలు పూర్తికాలేదు. సైన్యాన్ని కూలికి పిలవడానికి సొమ్మూ మిగలలేదు. 1555 ఏప్రిల్‌లో ఆకలికి తాళలేక నగరం లొంగిపోయింది.