క్వాంటమ్ కంప్యూటర్: చేయగల పని, చేయలేని పని

అణువులు, ఎలక్ట్రాన్లు పాటించే క్వాంటమ్ నియమాలనే ఆసరాగా చేసుకుని లెక్కలు చేసే యంత్రం క్వాంటమ్ కంప్యూటర్. ఇలాంటి యంత్రం కావాలని 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రసంగంలో వాదించాడు. ఒక అణువులో ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ దాని ప్రవర్తనను మామూలు కంప్యూటర్‌తో కచ్చితంగా లెక్కించడం అసాధ్యమవుతుంది కాబట్టి, అదే నియమాలకు లోబడిన యంత్రంతో లెక్కించాలన్నది ఆయన ఆలోచన.

మామూలు కంప్యూటర్‌లోని బిట్ 0గానో 1గానో ఉంటుంది. క్యూబిట్ ఆ రెండింటి మేళవింపుగా ఉండగలదు. నాలుగు క్యూబిట్లు కలిస్తే 0 నుంచి 15 దాకా పదహారు సంఖ్యలూ ఒకే స్థితిలో ఇముడుతాయి. అందువల్ల ఈ యంత్రం అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి సరైనదాన్ని ఇచ్చేస్తుందని తరచూ రాస్తుంటారు. అది సగం నిజమే. కొలిచిన మరుక్షణం పదహారింటిలో ఏదో ఒక్కటే బయటపడుతుంది, మిగతావి పోతాయి. కొలవడానికి ముందే తప్పు జవాబులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, సరైనవి బలపడేలా లెక్కను నడిపించాలి. తరంగాల వ్యతికరణం లాంటిదే ఇది. ఇలా నడిపించే దారి కొద్ది సమస్యలకే తెలుసు.

వాటిలో పేరుపొందినది, 1994లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా పీటర్ షోర్ కనిపెట్టిన పద్ధతి. పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే ఈ పద్ధతిని 15 మీద చూద్దాం. 7 ఘాతాలను వరుసగా 15తో భాగిస్తే వచ్చే శేషాలు 7, 4, 13, 1. ఆ తర్వాత మళ్లీ 7, 4, 13, 1. అంటే ప్రతి నాలుగు మెట్లకూ వరుస తిరిగి వస్తుంది, ఆవర్తనం 4. అందులో సగం 2. 7 వర్గం 49. దానికి ఒకటి తగ్గిస్తే 48, కలిపితే 50. 48, 15ల గ.సా.భా. 3, 50, 15ల గ.సా.భా. 5. కారణాంకాలు దొరికాయి.

ఇందులో క్వాంటమ్ యంత్రం చేసేది ఒక్క పనే, ఆవర్తనం కనుక్కోవడం. గ.సా.భా. లెక్కను మామూలు కంప్యూటరే చిటికెలో చేస్తుంది. నాలుగు క్యూబిట్లలో పదహారు ఘాతాంకాలనూ ఉంచి, శేషాలు లెక్కించి, క్వాంటమ్ ఫూరియర్ పరివర్తన జరిపితే, కొలతలో 0, 4, 8, 12 మాత్రమే రాగలవు. 4 వస్తే 4/16, అంటే 1/4, హారమే ఆవర్తనం. 12 వచ్చినా అంతే. 8 వస్తే 1/2 అవుతుంది, కానీ 7 వర్గం శేషం 1 కాదు కాబట్టి 2 తప్పని వెంటనే తెలుస్తుంది. 0 వస్తే ఏమీ తెలియదు. అప్పుడు మళ్లీ నడపాలి. 2001లో ఐబీఎం పరిశోధకులు ఒక అణువులోని ఏడు కేంద్రకాలను క్యూబిట్లుగా వాడి 15ను ఇలాగే విడగొట్టారు.

చిన్న 15 నుంచి 617 అంకెల సంఖ్యకు, అంటే బ్యాంకు లావాదేవీల వంటివాటిని కాపాడే ఆర్‌ఎస్‌ఏ-2048 తాళానికి, వెళ్లాలంటే అడ్డం వచ్చేది పొరపాట్లు. అతిశీతలంగా ఉంచిన సూపర్ కండక్టింగ్ క్యూబిట్లలో కూడా రెండు క్యూబిట్ల మీద చేసే చర్య సుమారు వెయ్యిలో ఒకసారి తప్పుతుంది. లెక్కకేమో కోట్ల చర్యలు కావాలి. కాబట్టి వందలాది భౌతిక క్యూబిట్లను కలిపి నమ్మదగిన ఒక్క క్యూబిట్‌ను తయారు చేసుకోవాలి. ఈ తాళం తెరవడానికి రెండు కోట్ల క్యూబిట్లు, ఎనిమిది గంటలు కావాలని 2019లో అంచనా వేశారు. పది లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపే కుదరవచ్చని 2025లో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ లెక్కగట్టాడు. అంత యంత్రం ఇంకా లేకపోయినా, ముందుజాగ్రత్తగా అమెరికా సంస్థ నిస్ట్ 2024లోనే కొత్త తాళాల ప్రమాణాలను ఖరారు చేసింది.

ల్యాప్‌టాప్ చేసే పనుల్లో ఇలాంటి దాగిన ఆవర్తనాలు లేవు. వీడియో ఆడించడం, ఉత్తరం టైప్ చేయడం, జీతాల పట్టిక కూడడం వంటి వాటిలో వ్యతికరణంతో రద్దు చేయాల్సిన తప్పు జవాబులే ఉండవు. పైగా తప్పులు దిద్దుకుంటూ సాగే క్వాంటమ్ చర్యకు మైక్రోసెకన్లు పడతాయి. ల్యాప్‌టాప్ అదే వ్యవధిలో వేల చర్యలు ముగిస్తుంది. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం కుదరదు కాబట్టి ఫైలును కాపీ చేసినట్టు దాన్ని దాచుకోనూ లేము. వెతుకులాటకు లవ్ గ్రోవర్ 1996లో చూపిన పద్ధతి ఉంది గానీ, అది లక్ష కోట్ల వెతుకులాటలను సుమారు పది లక్షలకు, అంటే వర్గమూలానికి మాత్రమే తగ్గిస్తుంది. ఆ లాభంలో చాలావరకు నెమ్మదైన వేగమే మింగేస్తుంది. ఫైన్‌మన్ కోరిన అణువుల లెక్కలే ఈ యంత్రానికి అసలు ఇల్లనిపిస్తుంది.

ఈ యంత్రం ల్యాప్‌టాప్‌కు ప్రత్యామ్నాయం కాదని వాడకం తీరు కూడా చెబుతోంది. 2025లో ప్రకటించిన అమరావతి క్వాంటమ్ వ్యాలీ కోసం ఎంచుకున్నది 156 క్యూబిట్ల ఐబీఎం హెరాన్ ప్రాసెసర్. ఇలాంటి యంత్రాలకు పని అప్పగించేవారు ప్రోగ్రామ్ రాసేదీ, దాన్ని నెట్‌వర్క్ ద్వారా పంపేదీ, తిరిగొచ్చిన కొలతలను విశ్లేషించేదీ మామూలు కంప్యూటర్ మీదే.