పెనం ముందు మాస్టారు

పుష్యమాసం చలి. ఇంకా తెల్లవారలేదు. అనకాపల్లి జిల్లాలో శారదా నది దగ్గరి ఒక ఊళ్లో, మీ బావమరిది చెరకు తోట గట్టున, తాటాకు పాక కింద నిలబడి ఉన్నారు మీరు. వీపు వణుకుతోంది. ముఖం మాత్రం కాలుతోంది. ఎదురుగా పొయ్యి, దాని మీద ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత ఇనప పెనం. అందులో సుమారు 400 లీటర్ల చెరకు రసం.

మీ ఎడమ చెయ్యి పైకి లేస్తుంది. గడియారం చూస్తారు. అయిదుంబావు.

చూడాల్సిన పని ఏమీ లేదు. అయినా చూస్తారు. లెక్కల మాస్టారుగా జీవితమంతా 45 నిమిషాల పీరియడ్ల మధ్య బతికారు. మీరు గడియారం చూసి తల ఊపితేనే అటెండర్ గంట కొట్టేవాడు. రిటైరయ్యాక గంట ఆగిపోయింది కానీ చెయ్యి ఆగలేదు. గంటకోసారి లేస్తుంది. అన్నం తింటున్నా లేస్తుంది, నిద్రలో మెలకువ వచ్చినా లేస్తుంది. చూసిన ప్రతిసారీ ఎక్కడికో ఆలస్యమవుతున్నట్టు గుండె ఒక్కసారి బిగుసుకుంటుంది. ఎక్కడికో తెలియదు. మీ ఆవిడ చూసి చూసి, "మా తమ్ముడి దగ్గర బెల్లం వంట మొదలైందట, కొన్నాళ్లు అక్కడ ఉండి రండి" అని పంపించింది.

"మాస్టారూ, పక్కకి జరగండి. మడ్డి వస్తంది."

పాకం చూసే పెద్దాయన మాట అది. మీకంటే పదేళ్లు పెద్దవాడు. రసం ఇంకా మరగడం లేదు, కానీ పైన బూడిదరంగు నురగ దట్టంగా తేలుతోంది. ఆయన ముందే కలిపి పెట్టుకున్న సున్నపు తేటని కొద్దిగా పోస్తాడు. నురగ ఇంకా దట్టమవుతుంది. పొడుగు కర్రకి కట్టిన చిల్లుల గరిటెతో మీరూ ఒక పక్కనుంచి తోడుతారు. ఇదంతా రసంలోని మురికి. మరుగు అందుకోకముందే తీసేయాలి. మరుగు మొదలైతే మురికి మళ్లీ రసంలో కలిసిపోతుంది, బెల్లం నల్లబడుతుంది. సున్నం ఎక్కువైనా నల్లబడుతుంది. ఎంత పొయ్యాలో ఆయన కొలవడు. తోడిన మడ్డి కింద రసం ఎంత తేటగా కనిపిస్తోందో చూసి ఆపుతాడు.

మీరు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీస్తారు. నిన్నటి లెక్క అందులో ఉంది. మొదటి పెనం రెండు గంటల నలభై నిమిషాలు. రెండోది రెండున్నర గంటలు. ఇవాళ పెనం ఎక్కించింది నాలుగూ ముప్పావుకి. అంటే ఏడుంబావు దాటాక దించాలి. పుస్తకంలో రాసుకుని కింద గీత గీస్తారు.

పెద్దాయన ఓరగా చూస్తాడు. "ఏటి రాత్తన్నారు మాస్టారూ?"

చెబుతారు. ఆయన నవ్వడు. పొయ్యి దగ్గర కుప్పపోసిన చెరకు పిప్పి గుప్పెడు తీసి మీ చేతిలో పెడతాడు. "నలపండి."

నలుపుతారు. పిప్పి పెళపెళలాడుతుంది.

"నిన్న పొగమంచుకి తడిసినాది. మంట లెగలేదు. ఇయ్యాల బాగా ఎండినాది. మీ గడియారానికి ఇది తెలస్తదా?"

మీరు జవాబు చెప్పరు. పుస్తకంలో గీత అలాగే ఉంది.

తెల్లవారుతోంది. రసం మరుగుతోంది. నురగ అంచుల దాకా ఉబ్బి వస్తుంటే పెద్దాయన నాలుగు చుక్కల నూనె విదిలిస్తాడు. నురగ ఉన్నపళంగా అణిగిపోతుంది. రంగు మారుతోంది. ముందు ఆకుపచ్చ కలిసిన బూడిద, తర్వాత పసుపు, ఇప్పుడు తేనెరంగు. పెనంలో మట్టం సగానికి పడిపోయింది. మీ చెయ్యి లేస్తుంది. ఆరుంబావు. ఇంకా గంటకు పైగా ఉంది అనుకుంటారు.

థర్మామీటరు పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. పాకం దించాల్సింది సుమారు 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర అని మీరు ఎక్కడో చదివారు. అదే అడుగుతారు. పెద్దాయన తల అడ్డంగా ఊపుతాడు. చెరకు ముదురైతే ఒకలా ఉంటుందట, గాలికి పడిపోయిన చెరకైతే ఇంకోలా ఉంటుందట. కొట్టి రెండు రోజులు నిలవున్న చెరకు రసం అయితే ఎంత కాచినా సరిగ్గా గడ్డకట్టదట. ఒకే అంకె అన్నిటికీ సరిపోదు. మరి ఎలా తెలుస్తుంది? ఆయన ఒక గిన్నెలో చల్లటి నీళ్లు తెచ్చి మీ ముందు పెడతాడు.

"సెయ్యి తడుపుకోవాల. గడియారం తీసీండి. పాకం అంటుకుంటే ఇక రాదు."

మీ తొలి జీతంతో కొనుక్కున్న హెచ్ఎంటీ అది. ఆ కంపెనీ గడియారాలు చెయ్యడం ఆపేసి ఏళ్లయింది. ఇది మాత్రం పొద్దున్నే మీరిచ్చే కీతో ఇప్పటికీ నడుస్తోంది. తీసి, పాక గుంజకి తగిలించిన మీ చొక్కా జేబులో వేస్తారు. మణికట్టు మీద తెల్లటి పట్టీ మచ్చ. అక్కడ చల్లగా ఉంది.

పెద్దాయన గరిటె అంచున కొంచెం పాకం తీసి నీళ్లలో వేస్తాడు. వేళ్లతో పోగు చేయమంటాడు. పాకం వేళ్ల మధ్య జారిపోతుంది. "ఇంకా లేత." కాసేపాగి మళ్లీ వేస్తాడు. ఈసారి సాగుతుంది, ముద్ద కాదు. "ఇది తీగ పాకం. ఉండ కట్టాల. గట్టి ఉండ. గిన్నెకేసి కొడితే టంగుమనాల."

అప్పుడే గానుగ వైపు నుంచి కేక. చెరకు రోలర్లలో ఇరుక్కుంది. బెల్టు జారి ఇంజను ఊరికే అరుస్తోంది. మీ బావమరిది పిలుస్తున్నాడు. పెద్దాయన గరిటె మీ చేతిలో పెడతాడు.

"సూత్తా ఉండండి. వచ్చెత్తాను."

వెళ్లిపోతాడు.

ఇప్పుడు పెనం ముందు మీరొక్కరే. పొయ్యి నోటి దగ్గర పిప్పి తోస్తున్న కుర్రాడు ఉన్నాడు. పెనం కడియాల్లో కర్రలు దూర్చి దించడానికి నలుగురు గట్టు మీద కూర్చుని ఉన్నారు. అందరూ మీ నోటి వైపే చూస్తున్నారు.

చెయ్యి లేస్తుంది. మణికట్టు ఖాళీ.

గుంజ పది అడుగుల దూరంలో ఉంది. చొక్కా జేబు. వెళ్లి చూసి రావచ్చు. ఏడయి ఉండదు. లెక్క ప్రకారం ఇంకా చాలా టైముంది. ఒక అడుగు వేస్తారు.

పెనంలో శబ్దం మారుతుంది.

ఇప్పటిదాకా గలగల. ఇప్పుడు తప్... తప్... బుడగలు పెద్దవయ్యాయి. నెమ్మదిగా లేస్తున్నాయి. నెమ్మదిగా పగులుతున్నాయి. పగిలినచోట గుంట వెంటనే పూడడం లేదు. వాసనలో పచ్చి చెరకు లేదు. కమ్మగా, ముక్కుకి ఘాటుగా తగులుతోంది.

లెక్క ఇంకా టైముంది అంటోంది. పెనం లేదంటోంది.

ముందు దించితే? గడ్డకట్టదు. జిగురుగా మిగులుతుంది. ఎవరూ కొనరు. ఆలస్యమైతే? మాడుతుంది. నల్లబడి చేదెక్కుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది కొద్ది నిమిషాలే.

వెనక్కి తిరుగుతారు.

గరిటె ముంచుతారు. నీళ్లలో వేస్తారు. వేళ్లు కలుపుతారు. ఉండ. మెత్తటి ఉండ.

"మంట ఆపు!"

కుర్రాడు చేతిలో పిప్పి పట్టుకుని ఆగిపోతాడు. "అప్పుడేనా మాస్టారూ?"

"ఆపు!"

పిప్పి మంటకి ఆయుష్షు తక్కువ. తోయడం ఆపితే చాలు, క్షణాల్లో తగ్గుతుంది. కానీ ఇటుకల్లో వేడి ఉంది. పెనంలో వేడి ఉంది. పాకం ఇంకా ఉడుకుతోంది. ఒక బుడగ పగిలి మోచేతి మీద చుక్క పడుతుంది. సూది దిగినట్టు. నీళ్లలా జారిపోదు. అంటుకుని కాలుస్తుంది. చెయ్యి గిన్నెలో ముంచుతారు. కళ్లు మాత్రం పెనం మీదే.

తప్. తప్.

మళ్లీ గరిటె. మళ్లీ నీళ్లు. ఉండ. నొక్కుతారు. నొక్కు పడదు. గిన్నె అంచుకేసి కొడతారు.

టంగ్.

"దించండి!"

నలుగురూ లేస్తారు. కర్రలు దూరుస్తారు. "పదండి!" పెనం లేస్తుంది. ఊగుతుంది. అంచు దాకా వస్తుంది పాకం. మీరు వెనక్కి తగ్గుతారు. చెక్క తొట్టిలోకి ఒంపుతారు. బంగారు రంగు. ఆవిరి. ఎవరూ మాట్లాడరు.

పెద్దాయన పరిగెత్తుకొస్తాడు. తొట్టి చూస్తాడు, గిన్నెలో ఉండ తీసి నొక్కి చూస్తాడు. పొడుగు చెక్క గరిటె తీసుకుని పాకాన్ని తిరగేయడం మొదలుపెడతాడు. రెండో గరిటె మీకిస్తాడు. ఇలా తిప్పుతుంటేనే పాకం సమంగా ఆరి రవ కడుతుంది. భుజాలు నొప్పెడతాయి. పాకం బరువెక్కుతుంది, మెరుపు తగ్గుతుంది, గరిటె వెనక చాలు పడుతుంది. అప్పుడు ముద్దల్ని గుడ్డ పరిచిన అచ్చుల్లోకి ఎత్తి దిమ్మలు చేస్తారు. 400 లీటర్ల రసానికి వచ్చింది 70 కిలోలకి అటూ ఇటూ.

తర్వాత, చేతులు కడుక్కుని చొక్కా తొడుక్కున్నప్పుడు, జేబులో బరువు తగిలి గడియారం గుర్తొస్తుంది. పెనం దిగి చాలా సేపయింది. ఎంత సేపో మీరు చూడలేదు. నోటుపుస్తకంలో గీత పక్కన రాయడానికి అంకె లేదు. ఎండిన పిప్పి, ఉండ, శబ్దం అని మూడు మాటలు రాస్తారు.

అలవాటు ఆ పూటతో పోదు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుంటే చెయ్యి మళ్లీ లేస్తుంది. ఖాళీ మణికట్టు చూసి దించుతారు. ఊరికే కూర్చున్నప్పుడే లేస్తోందని, గరిటె పట్టుకున్నప్పుడు లేవడం లేదని రెండో రోజుకి గమనిస్తారు. బలవంతంగా ఆపితే ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి ఆపరు. చెయ్యి లేచినప్పుడల్లా కళ్లకి చూడ్డానికి ఇంకొకటి ఇస్తారు. పొగ ఎటు పోతోంది, పిప్పి ఎంత ఎండింది, తోటలో ఎన్ని సాళ్లు కొట్టారు. క్రమంగా చెయ్యి సగం లేచి ఆగుతుంది. సంక్రాంతి నాటికి, లేవకుండానే పొద్దు గడిచిన రోజులు వస్తాయి.

గడియారం పాడవలేదు, పెట్టెలోకి పోలేదు. పొద్దున్నే కీ ఇస్తారు. మీ ఆవిడ దిగే బస్సుకి ఎదురెళ్లేటప్పుడు చూస్తారు. ఆ పనికి అది కావాలి.

అనకాపల్లి మార్కెట్‌లో వ్యాపారి మీ దిమ్మ అంచు విరిచి, రంగు చూసి, నోట్లో వేసుకుని, బాగుందని మంచి ధరే కట్టాడు. ఆ మాట పెద్దాయన చెవిన పడింది. రేపటి తొలి పెనం మీకే అప్పజెప్పాడు. రాత్రి పొగమంచు పట్టేలా ఉంది మాస్టారూ, పిప్పి తడుస్తుంది, మంట అందుకోదు. నిన్నటి లెక్క నమ్ముకోకండి. చల్లటి నీళ్ల గిన్నె దగ్గర పెట్టుకోండి.