క్రిక్ కాదన్న బాణం

"డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్. సెంట్రల్ డాగ్మా అంటే ఇదే కదా సార్? మరి రెట్రోవైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారుచేస్తుందంటే డాగ్మా తప్పినట్టే కదా?"

జీవశాస్త్రం చెప్పే ప్రతి మాస్టారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు చరిత్రలోనే ఉంది.

"ఆ మూడు మెట్ల గొలుసును అందరికీ అలవాటు చేసింది 1965లో వచ్చిన వాట్సన్ పాఠ్యపుస్తకం. ఫ్రాన్సిస్ క్రిక్ 1957లో లండన్ ఉపన్యాసంలో చెప్పింది వేరమ్మా. సమాచారం ఒకసారి ప్రోటీన్‌లోకి చేరాక తిరిగి బయటికి రాదు అన్నాడాయన. సమాచారమంటే డీఎన్‌ఏలో బేస్‌ల వరుస, ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాల వరుస."

"మరి రెట్రోవైరస్ సంగతి ఎలా బయటపడింది సార్?"

"కోళ్లలో కణితులు తెచ్చే రౌస్ సార్కోమా వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ. డీఎన్‌ఏ మీద ఆర్‌ఎన్‌ఏ తయారుకాకుండా ఆపే యాక్టినోమైసిన్-డి మందు వేస్తే ఆ వైరస్ పెరగడం ఆగిపోయింది. అంటే మధ్యలో డీఎన్‌ఏ రూపం ఉండాలని 1964 నాటికే హోవర్డ్ టెమిన్ వాదించాడు. చాలామంది నమ్మలేదు. మందు కణాన్నే దెబ్బతీసి ఉండొచ్చుగా?"

"మరి నమ్మించిందేమిటి?"

"1970లో మిజుతానితో కలిసి టెమిన్, విడిగా డేవిడ్ బాల్టిమోర్ అసలు కణాన్నే పక్కన పెట్టేశారు. శుద్ధి చేసిన వైరస్ పైపొరను తెరిచి, డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన నాలుగు ముడిసరుకులూ అందించారు. వాటిలో ఒకటి రేడియోధార్మికమైనది. ఆమ్లం కలిపితే విడి అణువులు కరిగే ఉంటాయి, పొడవాటి గొలుసులు మాత్రం అడుగుకు చేరతాయి. రేడియోధార్మికత అడుగునే కనిపించింది. ముందే ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసే ఎంజైమ్ వేస్తే గొలుసు సరిగా తయారుకాలేదు. తయారైన గొలుసును డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ ముక్కలు చేసింది. అంటే అచ్చు ఆర్‌ఎన్‌ఏ, తయారైంది డీఎన్‌ఏ."

"అప్పుడు క్రిక్ ఏమన్నాడు?"

"డాగ్మా తలకిందులైందని 'నేచర్' పత్రికే రాసింది. క్రిక్ అదే ఏడాది అదే పత్రికలో సమాధానమిచ్చాడు. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రావడం అరుదే తప్ప, అసాధ్యమని తానెప్పుడూ అనలేదన్నాడు. ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ కూడా అంతే, పోలియో వైరస్ చేసే పని అదే. ఆయన నిషేధించిన బాణాలు మూడు: ప్రోటీన్ నుంచి ప్రోటీన్‌కు, ప్రోటీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏకు, ప్రోటీన్ నుంచి డీఎన్‌ఏకు. నా దృష్టిలో డాగ్మా మొత్తం ఈ మూడింటిలోనే ఉంది."

"అయితే ప్రయాన్ మాటేమిటి సార్? ప్రోటీన్ నుంచి ప్రోటీనే కదా?"

"మంచి ప్రశ్న. గొర్రెలకొచ్చే స్క్రేపీ కారకం ఏమిటో అప్పటికి తేలలేదు, దాన్ని క్రిక్ ఆ వ్యాసంలోనే ప్రస్తావించాడు. 1982లో ప్రూసినర్ దానికి ప్రయాన్ అని పేరు పెట్టాడు. చెడిన ప్రయాన్ పక్కనున్న మామూలు ప్రోటీన్‌ను తనలా మడతపడేలా చేస్తుంది. మారేది ఆకారం, అమైనో ఆమ్లాల వరుస కాదు. ఆ వరుస జన్యువు నుంచే రావాలి. 1993లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలకు స్క్రేపీ ఎక్కిస్తే జబ్బు రాలేదు. మడతపెట్టడానికి వాటిలో ఆ ప్రోటీనే లేదు మరి."