తేదీ లేని గాయం: కార్మిక పరిహార చట్టంలో వృత్తివ్యాధి నమోదు - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

యంత్రంలో చేయి నలిగితే ఆ గాయానికి తేదీ, సమయం, సాక్షులు ఉంటారు. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడితే ఇవేవీ ఉండవు. భారతదేశంలో కార్మిక పరిహార చట్టం మొదటి రకపు గాయాన్ని నమూనాగా తీసుకుని రూపొందింది. రెండవ రకపు గాయాన్ని ఆ నమూనాలోనే ఇమడ్చడానికి తరువాతి కాలంలో ప్రయత్నాలు జరిగాయి. ఆ ప్రయత్నాలలో యజమాని ఏమి నమోదు చేయాలి, ఎవరికి తెలియజేయాలి అన్న నియమాలు ఎలా ఏర్పడ్డాయో, సిలికోసిస్ వ్యాధి విషయంలో అవి ఎక్కడ విఫలమయ్యాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1923 నాటి చట్టం: రోగాన్ని ప్రమాదంగా భావించడం

1923కు పూర్వం గాయపడిన కార్మికుడు పరిహారం కోరాలంటే యజమాని తప్పిదాన్ని న్యాయస్థానంలో నిరూపించవలసి వచ్చేది. 1924 జులై 1న అమలులోకి వచ్చిన కార్మిక పరిహార చట్టం ఈ భారాన్ని తొలగించింది. పని కారణంగా, పని జరుగుతున్న కాలంలో ప్రమాదవశాత్తు గాయం కలిగితే చాలు, యజమాని బాధ్యుడయ్యేవాడు. అయితే ఈ సూత్రం 'ప్రమాదం' అనే పదంపై ఆధారపడింది. రోగం ప్రమాదం కాదు. ఈ చిక్కును దాటడానికి చట్టం ఒక కల్పనను ఆశ్రయించింది. మూడవ షెడ్యూలులో పేర్కొన్న రోగం, దానికి ఎదురుగా పేర్కొన్న పనిలో ఉన్న కార్మికునికి వస్తే దానిని ప్రమాదపు గాయంగానే భావించాలని మూడవ సెక్షను నిర్దేశించింది. ఉన్ని, వెంట్రుకలు, తోళ్ళతో పనిచేసేవారికి వచ్చే ఆంత్రాక్స్, సీసం వల్ల కలిగే విషప్రభావం వంటి కొద్దిపాటి రోగాలే తొలి జాబితాలో చోటు పొందాయి.

ఈ పరిమితి భారతదేశానిది మాత్రమే కాదు. 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన ఒడంబడికలో సీసం, పాదరసం, ఆంత్రాక్స్ అనే మూడే ఉన్నాయి. సిలికోసిస్ 1934 నాటి సవరించిన ఒడంబడికలో చేరింది. మూడింటి కారకాలనూ గుర్తించడం సులభం. సిలికోసిస్ లక్షణాలు మాత్రం ధూళి పీల్చిన ఏళ్ళకు గానీ బయటపడవు.

కోలారు అనుభవం

భారతదేశంలో సిలికోసిస్ గురించిన తొలి వైద్య నివేదికలు 1934లో కోలారు బంగారు గనుల నుండి వెలువడ్డాయి. అవి మైసూరు సంస్థానంలో ఉన్నా, పనిచేసినవారిలో చిత్తూరు ప్రాంతపు తెలుగువారు, తమిళులు గణనీయంగా ఉండేవారు. 1940లో మైసూరు సంస్థానం సిలికోసిస్‌ను పరిహారార్హమైన వ్యాధిగా గుర్తించింది. తరువాత జరిగిన విస్తృత వైద్య పరీక్షల ఫలితాలు 1947లో ప్రచురితమయ్యాయి. పరీక్షింపబడిన వేలాది కార్మికులలో ఐదింట రెండు వంతులకు మించి ఈ వ్యాధి కనిపించింది. ఇక్కడ గమనించవలసిన క్రమం ఒకటి ఉంది. సంఖ్య తెలిసిన తరువాత హక్కు రాలేదు. హక్కు వచ్చిన తరువాతనే సంఖ్య తెలిసింది. పరిహారం లేని చోట రోగాన్ని లెక్కించే అవసరం ఎవరికీ కలగలేదు.

తెలియజేయవలసిన బాధ్యత: రెండు మార్గాలు

స్వాతంత్ర్యానంతర చట్టాలలో నమోదు బాధ్యత రెండు మార్గాలలో నడిచింది. ఒక రాతిపొడి మిల్లును ఉదాహరణగా తీసుకుంటే ఆ తేడా స్పష్టమవుతుంది. ఆ మిల్లు ఫ్యాక్టరీల చట్టం పరిధిలో ఉన్నదనీ, ఉద్యోగుల రాజ్య బీమా పథకం దానికి వర్తించలేదనీ భావిద్దాం.

ఒక కార్మికుని చేయి బెల్టులో చిక్కుకుని ఎముక విరిగింది. నలభై ఎనిమిది గంటలు లేదా అంతకు మించి అతడు పనికి రాలేకపోతే, 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షను ప్రకారం మేనేజరు నిర్దేశిత అధికారులకు నోటీసు పంపవలసి ఉండేది. అక్కడితో బాధ్యత ముగిసేది కాదు. పరిహార చట్టంలోని 10బి సెక్షను ప్రకారం ఏడు రోజులలో కమిషనరుకు కూడా ప్రమాద పరిస్థితులను వివరిస్తూ నివేదిక అందవలసి ఉండేది. 1933లో చేరిన ఈ సెక్షను మొదట మరణాలకే పరిమితమై ఉండేది. 1959 సవరణ తీవ్ర శారీరక గాయాలను కూడా చేర్చింది. అవయవపు శాశ్వత నష్టం, చూపు లేదా వినికిడికి శాశ్వత హాని, కాలుచేతుల ఎముక విరగడం, ఇరవై రోజులకు మించి పనికి దూరం కావడం ఈ నిర్వచనంలోకి వచ్చేవి. కార్మికుడు స్వయంగా అడగకపోయినా అతని గాయం కమిషనరు దృష్టికి రావాలన్నదే దీని ఆంతర్యం. మరణం సంభవించినప్పుడు 10ఎ సెక్షను మరొక అడుగు వేసేది. కమిషనరు నోటీసు అందిన ముప్పై రోజులలో యజమాని బాధ్యతను అంగీకరిస్తున్నాడో లేదో, నిరాకరిస్తే ఎందుకో తెలపవలసి ఉండేది.

అదే మిల్లులో మరొక కార్మికుడు పదేళ్ళుగా పలుగురాయి పొడిని సంచుల్లో నింపుతున్నాడు. దగ్గు, ఆయాసం పెరుగుతున్నాయి. అతనికి 88వ సెక్షను వర్తించేది కాదు, ఎందుకంటే ప్రమాదమేదీ జరగలేదు. 89వ సెక్షను ప్రకారం ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులోని రోగం వచ్చినప్పుడు మేనేజరు నోటీసు పంపవలసి ఉండేది. చికిత్స చేసే వైద్యుడు కూడా రోగి పేరు, చిరునామా, రోగం, ఫ్యాక్టరీ వివరాలతో చీఫ్ ఇన్‌స్పెక్టరుకు జాప్యం లేకుండా నివేదించవలసి ఉండేది. సర్టిఫైయింగ్ సర్జన్ ఆ రోగాన్ని ధ్రువీకరిస్తే వైద్యునికి రుసుము చెల్లించి, దానిని ఫ్యాక్టరీ నిర్వాహకుని నుండి రాబట్టే ఏర్పాటు కూడా ఉండేది. అయితే ఇదంతా ఒక్క నిర్ధారణపై ఆధారపడి ఉండేది. ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చలు క్షయను పోలి ఉంటాయి. కార్మికుడు ఏ పని చేశాడని వైద్యుడు అడగకపోతే క్షయ మందులు మొదలవుతాయి. కఫ పరీక్షలో క్షయ క్రిములు కనిపించకపోవడం, మందులు వాడినా ఆయాసం తగ్గకపోవడం అనుమానానికి తావివ్వాలి. అయితే సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా సులభంగా సోకుతుంది కనుక క్షయ ఉన్నదని తేలినంత మాత్రాన సిలికోసిస్ లేదని చెప్పలేము. చీటీపై 'క్షయ' అని మాత్రమే రాసిననాడు 89వ సెక్షను కదిలేది కాదు.

తేదీ, యజమాని, రికార్డు

నిర్ధారణ జరిగినా మరో రెండు ప్రశ్నలు మిగులుతాయి. గాయం ఎప్పుడు జరిగింది? కాలపరిమితిని లెక్కించడానికి, ఆ రోగం వల్ల కార్మికుడు ఎడతెగక పనికి దూరమైన రోజులలో మొదటి రోజునే ప్రమాదపు తేదీగా భావించాలని 10వ సెక్షను చెప్పేది. ఇది కూడా కల్పనే. హాజరుపట్టీ లేని మిల్లులో ఆ మొదటి రోజును చూపడం కష్టం. ఎవరి వద్ద జరిగింది? షెడ్యూలులోని 'సి' భాగం సిలికోసిస్ వంటి ధూళి వ్యాధులకు నిర్దేశిత కాలపు పనిని కోరేది. ఆ కాలం ఒకరికి మించిన యజమానుల వద్ద గడిచి ఉంటే భారాన్ని వారి మధ్య పంచే వీలు ఉండేది. వలస కార్మికుని విషయంలో ఏ యజమాని వద్దా అతని పేరు లేకపోతే ఈ పంపకం కాగితంపైనే నిలిచిపోయేది.

ఈ లోపాన్ని 1995 జనవరిలో సుప్రీంకోర్టు నేరుగా ఎదుర్కొన్నది. ఆస్బెస్టాస్ కార్మికుల విషయంలో కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన వ్యాజ్యంలో, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ కె. రామస్వామి తీర్పు రాశారు. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగారంభం నుండి కనీసం నలభై ఏళ్ళు, లేదా ఉద్యోగం ముగిసిన తరువాత పదిహేనేళ్ళు, వీటిలో ఏది తరువాత వస్తే అప్పటివరకు భద్రపరచాలని ఆ తీర్పు ఆదేశించింది. రోగం నిదానంగా వస్తుంది కనుక కాగితం కూడా అంతకాలం బతకాలన్న గుర్తింపు ఇందులో ఉంది.

ముగింపు

1923 చట్టం రోగాన్ని ప్రమాదంగా భావించమన్నది. కానీ ప్రమాదాన్ని తెలియజేసే యంత్రాంగం సంఘటనను చూసి కదిలేది. రోగాన్ని తెలియజేసేది వైద్యుని నిర్ధారణను బట్టి మాత్రమే కదిలేది. చేయి విరిగిన కార్మికుని పేరు ఏడు రోజులలో కమిషనరును చేరవలసి ఉండేది. పలుగురాయి పొడి నింపిన కార్మికుని పేరు చేరడానికి గడువంటూ ఉండేది కాదు. కనుక వృత్తివ్యాధుల అధికారిక సంఖ్యలను చదివే పరిశోధకుడు వాటిని రోగుల సంఖ్యగా కాక, రోగాన్ని పనితో ముడిపెట్టి రాసిన సందర్భాల సంఖ్యగా గ్రహించవలసి ఉంటుంది. కోలారులో హక్కు తరువాతనే సంఖ్య వెలుగుచూడడం ఇందుకు తొలి ఆధారం.